వడ్డీని సరుకుల్లో లెక్కిస్తే

2019 అక్టోబరులో పోస్టాఫీసు ఏడాది టైమ్ డిపాజిట్‌కు వడ్డీ 6.9 శాతం. 2023 ఏప్రిల్‌లో అదే డిపాజిట్‌కు 6.8 శాతం. ఈ రెంటిలో ఏది మేలు అని అడిగితే ఎవరైనా మొదటిదే అంటారు. అయితే మొదటి డిపాజిట్ వేసినవాళ్లు ఏడాది తిరిగేసరికి కొంత పోగొట్టుకున్నారు, రెండో డిపాజిట్ వేసినవాళ్లకు కొంత మిగిలింది. పోస్టాఫీసు ఎవరికీ ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. పాసుపుస్తకంలో ఇద్దరికీ వడ్డీ సక్రమంగానే పడింది. తేడా వచ్చింది బజారులో.

ఈ తేడాను కొలిచే లెక్కకు ఫిషర్ సూత్రం అని పేరు. పత్రికల్లో, టీవీ చర్చల్లో దీన్ని ఒక్క తీసివేతతో ముగించేస్తుంటారు: వడ్డీ ఏడు శాతం, ద్రవ్యోల్బణం ఐదు శాతం, కాబట్టి మీకు నిజంగా దక్కింది రెండు శాతం. ఉజ్జాయింపుకు అది చాలు. కానీ అసలు లెక్క తీసివేత కాదు, భాగహారం. ఎందుకు భాగహారమో తెలిస్తే తీసివేత ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో దానంతట అదే తెలుస్తుంది.

రూపాయల్ని కాసేపు పక్కన పెట్టి సరుకుల్లో లెక్క వేద్దాం. 2023 ఏప్రిల్‌లో ఒక ఇంటికి కావలసిన బియ్యం, పప్పు, నూనె, బస్సు చార్జీ, మందులు అన్నీ కలిపి ఒక సంచి అనుకుందాం. ఆ నెలలో సంచి ధర వెయ్యి రూపాయలు. లక్ష రూపాయలు చేతిలో ఉన్న మనిషి ఆ రోజు వంద సంచులు కొనగలడు. కొనకుండా ఆ లక్షను పోస్టాఫీసులో ఏడాదికి వేశాడు. వడ్డీ 6.8 శాతమే అయినా దాన్ని మూడు నెలలకోసారి లెక్కగట్టి అసలుకు కలుపుతారు. అంటే ప్రతి త్రైమాసికానికి 1.7 శాతం, నాలుగుసార్లు. ఏడాది చివరికి అది 6.975 శాతం అవుతుంది. చేతికి వచ్చేది 1,06,975 రూపాయలు.

ఈలోగా సంచి ధర కూడా పెరిగింది. 2024 ఏప్రిల్‌లో వినియోగదారుల ధరల సూచీ అంతకు ముందు ఏప్రిల్‌తో పోలిస్తే 4.83 శాతం ఎక్కువగా ఉంది. కాబట్టి వెయ్యి రూపాయల సంచి ఇప్పుడు 1,048 రూపాయల 30 పైసలు. చేతిలో ఉన్న 1,06,975ని దీంతో భాగిస్తే 102.05 వస్తుంది. నిరుడు వంద సంచులు కొనగలిగిన మనిషి ఈ ఏడు నూటరెండు సంచులు కొని, ఇంకో సంచిలో ఇరవయ్యో వంతు కూడా తెచ్చుకోగలడు. అతని నిజ వడ్డీ 2.05 శాతం. లెక్క ఇంతే.

దీన్నే అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది. బ్యాంకు చెప్పే వడ్డీ i, ద్రవ్యోల్బణం π, నిజ వడ్డీ r అనుకుంటే:

```
1 + r = (1 + i) / (1 + π)
```

శాతాలను ఇందులో దశాంశాలుగా వేసుకోవాలి. 6.975 శాతం అంటే 0.06975, 4.83 శాతం అంటే 0.0483. క్యాలిక్యులేటర్‌లో 1.06975ని 1.0483తో భాగించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే 0.0205 మిగులుతుంది.

తీసివేసి ఉంటే ఎంత వచ్చేది? 6.975 లోంచి 4.83 పోతే 2.145. నిజానికి దక్కినదానికంటే ఇది కొంచెం ఎక్కువ. ఆ కాస్త తేడా ఎక్కడిదంటే, వడ్డీగా వచ్చిన 6,975 రూపాయలు కూడా పాత రూపాయలు కావు, ఏడాది తర్వాతి రూపాయలు. ధరలు అసలును మాత్రమే తినవు, వడ్డీని కూడా తింటాయి. తీసివేత చేసేటప్పుడు అసలు విలువ తగ్గిందని గుర్తుపెట్టుకుంటాం, వడ్డీ విలువ తగ్గిందన్న సంగతి వదిలేస్తాం. సూత్రాన్ని విప్పి రాస్తే అదే కనిపిస్తుంది: i = r + π + rπ. చివర ఉన్న ఆ చిన్న గుణకారమే తీసివేతలో జారిపోయే ముక్క. మన ఉదాహరణలో అది పదో వంతు శాతం మాత్రమే.

చేత్తో లెక్క వేసుకునేవాళ్లకు ఇంకో దారి సులువు. ముందు తీసివేయండి, వచ్చినదాన్ని ఒకటికి ద్రవ్యోల్బణం కలిపిన అంకెతో భాగించండి. 2.145ని 1.0483తో భాగిస్తే మళ్లీ 2.05 శాతమే వస్తుంది. ఇలా చూస్తే మరో విషయం కూడా బయటపడుతుంది. లాభమా నష్టమా అన్నది తీసివేత ఎప్పుడూ సరిగ్గానే చెబుతుంది. ఎంత అన్న దగ్గరే, ధరలు పెరుగుతున్న కాలంలో, పెంచి చెబుతుంది. లాభాన్నీ పెంచుతుంది, నష్టాన్నీ పెంచుతుంది.

ఇక 2019 అక్టోబరు డిపాజిట్ సంగతి. 6.9 శాతాన్ని మూడు నెలలకోసారి కలిపితే ఏడాదికి 7.08 శాతం. లక్షకు 1,07,081 రూపాయలు. కానీ 2020 అక్టోబరు నాటికి, కరోనా కాలంలో సరుకు రవాణా చెదిరి కూరగాయల ధరలు మండిపోతున్న రోజుల్లో, ధరల సూచీ ఏడాదిలో 7.61 శాతం పెరిగి ఉంది. వెయ్యి రూపాయల సంచి 1,076 రూపాయలు దాటింది. భాగిస్తే 99.51 సంచులు. నిజ వడ్డీ మైనస్ అర శాతం. ఏడాది పాటు డబ్బు ముట్టుకోకుండా ఉన్నందుకు అర సంచి తగ్గింది.

ఈ లెక్కలో జనం పొరపాటు పడేది సూత్రం దగ్గర కాదు, అందులో వేసే అంకెల దగ్గర. మొదటిది వడ్డీ అంకె. బోర్డు మీద రాసిన 6.8నే నేరుగా వేసేస్తే మూడు నెలలకోసారి కలిపే వడ్డీ లెక్కలోకి రాదు. తమాషా ఏమిటంటే, ఆ తప్పూ తీసివేత తప్పూ ఎదురెదురు దిక్కుల్లో లాగుతాయి. 6.8 లోంచి 4.83 తీస్తే 1.97 వస్తుంది. సరైన జవాబు 2.05కు ఇది దగ్గరగానే ఉంది, రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకున్నాయి కాబట్టి. జవాబు దగ్గరగా వచ్చిందని పద్ధతి సరైనదనుకుంటే తర్వాతి లెక్కలో దొరికిపోతాం.

రెండోది ద్రవ్యోల్బణం అంకె. డిపాజిట్ ఏప్రిల్ నుంచి ఏప్రిల్ దాకా నడిచింది కనుక రెండు ఏప్రిల్‌ల మధ్య సూచీ ఎంత పెరిగిందన్నదే కావాలి. 2023-24 ఆర్థిక సంవత్సరానికి సగటు ద్రవ్యోల్బణం 5.4 శాతం అని వార్తల్లో వచ్చింది. అదీ నిజమే, కానీ అది పన్నెండు నెలల రేట్ల సగటు. అందులో 2022 ధరలతో పోల్చిన నెలలు కూడా ఉన్నాయి. మన డిపాజిటర్‌కు 2022తో పనిలేదు. ఆ 5.4 వేసి లెక్కిస్తే నిజ వడ్డీ ఒకటిన్నర శాతానికి పడిపోతుంది. లేని నష్టాన్ని మనమే తెచ్చిపెట్టుకున్నట్టు.

ధరల సూచీ ఎవరి సంచి అన్నది మూడో ప్రశ్న. 2012 ధరలు ఆధారంగా కట్టిన సూచీలో ఆహారం, పానీయాల వాటా దాదాపు 46 శాతం. పిల్లల ఫీజులకే జీతంలో పావు వంతు పోసే ఇంటి సంచి అలా ఉండదు. నెలనెలా షుగరు, బీపీ మందులు కొనే పెద్దవాళ్ల సంచీ వేరు. సూత్రం ఒకటే, π మాత్రం ఇంటికో రకం. నిరుడూ ఈ ఏడూ ఒకే నెల ఖర్చుల చిట్టా పక్కపక్కన పెట్టి, అవే సరుకులకు ఈసారి ఎంతైందో చూసుకుంటే మీ సొంత π దొరుకుతుంది. ఆర్థికవేత్తలు దీనికి ఒప్పుకోకపోవచ్చు గానీ, సొంత పొదుపు విషయంలో ఢిల్లీ అంకెకంటే ఈ అంకె మీదే నాకు గురి.

పన్ను కథ వీటన్నిటికంటే పెద్దది. ఆదాయపు పన్ను నిజ వడ్డీ మీద వెయ్యరు, చేతికొచ్చిన వడ్డీ మొత్తం మీద వేస్తారు. 2023 డిపాజిట్‌లో వచ్చిన 6,975 రూపాయల్లో ధరలతో సరిపోయిన భాగమే 4,830. అది లాభం కాదు, అరుగుదలకు పూడిక. అయినా పన్ను దాని మీద కూడా పడుతుంది. ఇరవై శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్‌తో కలిపి 20.8 శాతం, అంటే దాదాపు 1,451 రూపాయలు పోతాయి. మిగిలిన 1,05,524ను 1,048.30తో భాగిస్తే 100.66 సంచులు. నిజ వడ్డీ రెండు శాతం నుంచి మూడింట రెండు వంతుల శాతానికి వచ్చింది. ముప్పై శాతం శ్లాబు వాళ్లకు సెస్‌తో 31.2 శాతం పోయాక చేతిలో 1,04,799. భాగిస్తే 99.97. ధరలు మామూలుగా ఉన్న ఏడాదిలోనే వాళ్లు నిజానికి సంపాదించింది సున్నాకు ఒక వెంట్రుక కింద. పన్ను రేటు 31.2 శాతమని వాళ్లు అనుకుంటారు, సంచుల లెక్కలో చూస్తే నిజమైన లాభం మీద వాళ్లు కట్టింది నూటికి నూరు శాతం పైనే.

ఇంతవరకూ తీసివేతకూ భాగహారానికీ తేడా పదో వంతు శాతం దగ్గరే తిరిగింది. మన ఊళ్లలో అప్పుల దగ్గరికి వస్తే అది పెరుగుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు శాతం, ఏడాదికి 24. వరి రైతు ఒకరు 2022-23 సీజన్‌లో లక్ష రూపాయలు అలా తెచ్చి, ఏడాది తర్వాత బారువడ్డీ లెక్కన 1,24,000 తీర్చాడనుకుందాం. ఆయన నిజ వడ్డీని ధరల సూచీతో కొలవడంలో అంత అర్థం లేదు, ఆయన తీర్చేది ధాన్యం అమ్మి కాబట్టి. సాధారణ రకం ధాన్యానికి 2022-23లో కనీస మద్దతు ధర క్వింటాకు 2,040 రూపాయలు, 2023-24లో 2,183. ఆ ధరే దక్కిందనుకుంటే, అప్పు తెచ్చిన రోజు లక్ష అంటే 49.02 క్వింటాళ్లు. తీర్చిన రోజు 1,24,000 అంటే 56.80 క్వింటాళ్లు. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే 1.159. ధాన్యంలో ఆయన కట్టిన వడ్డీ 15.9 శాతం. ధర ఏడు శాతం పెరిగింది కనుక 24 లోంచి 7 తీసి పదిహేడు అంటే, ఒక శాతానికి పైగా తప్పు. ఇక్కడ ధర పెరగడం అప్పు తీసుకున్న మనిషికి మేలు చేసింది. ధర పడిపోయిన ఏడాదైతే అదే సూత్రం తిరగబడుతుంది: ధాన్యం పది శాతం తగ్గితే 1.24ని 0.90తో భాగించాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ ధాన్యంలో దాదాపు 38 శాతం అవుతుంది. తీసివేత అక్కడ 34 అని తగ్గించి చెబుతుంది. అప్పులో మునిగిన రైతును అసలు కంటే గింజ ధరే ముంచుతుందని పల్లెల్లో అనేది ఊరికే కాదు.

ధరలు అదుపు తప్పిన చోట తీసివేత పూర్తిగా కూలిపోతుంది. తుర్కియే కేంద్ర బ్యాంకు 2021 అక్టోబరులో తన ప్రధాన వడ్డీ రేటును 16 శాతానికి తగ్గించింది. ధరలు పెరుగుతున్నప్పుడు వడ్డీ పెంచడం లోకంలో జరిగేది. అక్కడ అధ్యక్షుడు ఎర్దోగాన్ ఎక్కువ వడ్డీయే ధరలు పెరగడానికి కారణమని బహిరంగంగా వాదించేవారు. ఏడాది తిరిగి 2022 అక్టోబరు వచ్చేసరికి అధికారిక లెక్కల ప్రకారమే ద్రవ్యోల్బణం 85.5 శాతం. ఆ 16 శాతం వడ్డీకి వంద లీరాలు దాచుకున్న మనిషిని తీసివేతతో లెక్కిస్తే డెబ్భై శాతం దాకా పోగొట్టుకున్నట్టు, చేతిలో ముప్పై మిగిలినట్టు. భాగిస్తే 116ను 185.5తో, 0.625 వస్తుంది. పోయింది 37.5 శాతం. అది చిన్న నష్టమేమీ కాదు, కానీ డెబ్భై కాదు. తీసివేతను ఇంకా ముందుకు లాగితే అర్థం లేని జవాబులొస్తాయి. వడ్డీ లేకుండా డబ్బు బీరువాలో ఉంచితే, ధరలు ఏడాదిలో రెండు వందల శాతం పెరిగితే, తీసివేత ప్రకారం ఉన్నదానికి రెట్టింపు పోయినట్టు. దాచుకున్నది వందే అయినప్పుడు రెండొందలు ఎలా పోతాయి? ధరలు మూడింతలయ్యాయి కనుక మూడో వంతు కొనుగోలు శక్తి మిగిలింది. పోయింది 66.7 శాతం. భాగహారం ఎప్పటికీ మైనస్ నూరు దాటదు.

ఈ సూత్రానికి పేరిచ్చిన ఇర్వింగ్ ఫిషర్ అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చెప్పినవాడు. 1929లో షేర్ మార్కెట్ కూలడానికి కొద్ది రోజుల ముందు, ధరలు శాశ్వతంగా ఎత్తైన పీఠభూమిని చేరాయని ప్రకటించి, ఆ తర్వాత తన ఆస్తినీ పేరునీ పోగొట్టుకున్నవాడు కూడా ఆయనే. మనకు కావలసిన పని ఆయన అంతకు ముప్పై ఏళ్ల ముందే చేశాడు. 1896లో అచ్చయిన చిన్న పుస్తకంలో ఆయన ఎంచుకున్న సాక్ష్యాల్లో ఒకటి మన దేశానిదే.

అప్పటి భారత ప్రభుత్వం రెండు రకాలుగా అప్పు చేసేది. ఒక రకం బాండ్లకు వడ్డీ స్టెర్లింగ్‌లో, అంటే బంగారంలో. ఇంకో రకానికి రూపాయల్లో, అంటే వెండిలో. రెండూ లండన్ మార్కెట్లో అమ్ముడయ్యేవి. అప్పు తీసుకున్నది ఒకే ప్రభుత్వం, కొనేది ఒకే బజారు. తేడా లోహం ఒక్కటే. కాబట్టి రెండింటి వడ్డీల మధ్య తేడా ఉంటే అది బంగారంతో పోలిస్తే వెండి విలువ ఎంత పడుతుందని మదుపుదారులు అనుకుంటున్నారో చెబుతుంది. 1871 తర్వాత జర్మనీ బంగారం వైపు మళ్లి తన వెండిని అమ్మేయడం, అమెరికా పడమటి గనుల నుంచి వెండి వెల్లువెత్తడం వల్ల రూపాయి పడిపోతూ వచ్చింది. 1870ల మొదట్లో దాదాపు రెండు షిల్లింగులు పలికిన రూపాయి 1890ల మధ్యకు ఇంచుమించు సగమైంది. 1893లో ప్రభుత్వం టంకశాలల్లో ఎవరు తెచ్చినా వెండిని నాణేలుగా ముద్రించే పద్ధతి ఆపేయాల్సి వచ్చింది.

ఫిషర్ చూసిందేమిటంటే, వెండి నిలకడగా ఉన్నన్నాళ్లు రెండు బాండ్ల రాబడులూ దగ్గరగానే ఉన్నాయి. వెండి పడడం మొదలయ్యాక రూపాయి బాండ్ రాబడి పైకి జరిగింది. దిశ సరైనదే, కానీ వెండి నిజంగా పడినంతగా ఆ తేడా పెరగలేదు. జనం ముందుగా ఊహించిన పతనం ఒకటి, జరిగిన పతనం ఇంకొకటి. సూత్రంలో వాడే π రెండు రకాలన్నది ఇక్కడే అర్థమవుతుంది. డిపాజిట్ వేసే రోజు మన దగ్గర ఉండేది ఊహించిన π, కాబట్టి ఆ రోజు నిజ వడ్డీ కూడా ఊహే. ఏడాది గడిచాక సూచీ వచ్చినప్పుడే జరిగిన నిజ వడ్డీ తేలుతుంది. 2019 అక్టోబరులో డిపాజిట్ వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కరోనా వస్తుందని వాళ్లకెలా తెలుస్తుంది?

ఊహతో పనిలేకుండా ధరల పెరుగుదలను వడ్డీలోనే కట్టి ఇస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచనతో రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరులో సామాన్య పొదుపరుల కోసం ద్రవ్యోల్బణ సూచిత పొదుపు బాండ్లు తెచ్చింది. పదేళ్ల గడువు. వినియోగదారుల ధరల పెరుగుదలకు పైన ఏటా ఒకటిన్నర శాతం, ఆరు నెలలకోసారి కలిపేవారు. ఇక్కడ వాడింది కూడిక. ఆరు నెలల్లో ధరలు నాలుగు శాతం పెరిగితే వడ్డీ 4.75 శాతం. 1.0475ని 1.04తో భాగిస్తే ఆ ఆరు నెలలకు నిజ వడ్డీ 0.72 శాతం. మాటిచ్చిన 0.75కు ఇది కొంచెం తక్కువ. ధరలు ఎంత ఎక్కువ పెరిగితే అంత ఎక్కువ తరుగు. దాన్ని పట్టించుకోనవసరం లేదు. పట్టించుకోవలసింది పన్ను. ఈ బాండ్లకు పన్ను మినహాయింపు ఉండేది కాదు, ధరల పెరుగుదలకు పరిహారంగా ఇచ్చిన నాలుగు శాతం మీద కూడా పన్ను పడేది. ముప్పై శాతం శ్లాబులో ఉన్న మదుపుదారుకు సెస్ లెక్కలోకి తీసుకోకపోయినా 4.75లో మిగిలేది 3.325. భాగిస్తే 0.9935. ద్రవ్యోల్బణం నుంచి కాపాడతామని ప్రభుత్వమే అమ్మిన బాండ్‌లో, అలాంటి ప్రతి ఆరు నెలలకూ ఆ మదుపుదారు 0.65 శాతం నష్టపోయేవాడు.